ఐ-బీమ్‌లో షియర్ దాదాపు మొత్తం వెబ్ మీదే ఎందుకు పడుతుంది?

మూడు స్టీలు ప్లేట్లు వెల్డింగ్ చేసి ఒక ఐ-బీమ్ తయారుచేశాం అనుకుందాం. పైన ఒక ఫ్లాంజ్, కింద ఒక ఫ్లాంజ్. ఒక్కొక్కటీ 200 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. మందం. వాటి మధ్య నిలబడే వెబ్ ఎత్తు 360 మి.మీ., మందం 10 మి.మీ. మొత్తం లోతు 400 మి.మీ. ఈ బీమ్‌ను 4 మీటర్ల స్పాన్‌తో రెండు చివర్లా కదలకుండా బిగించి, మీటరుకు 150 కిలోన్యూటన్ల చొప్పున సమంగా బరువు వేద్దాం. చివర దగ్గర బీమ్‌ను నిలువుగా కోసేలా పనిచేసే షియర్ ఫోర్స్ 300 కిలోన్యూటన్లు, దాన్ని వంచే బెండింగ్ మూమెంట్ 200 కిలోన్యూటన్-మీటర్లు వస్తాయి.

ఇప్పుడు సెక్షన్‌లో స్టీలు ఎక్కడుందో లెక్క చూడండి. రెండు ఫ్లాంజ్‌లూ కలిపి 8000 చదరపు మి.మీ., వెబ్ 3600. అంటే స్టీలులో 69 శాతం ఫ్లాంజ్‌లలో ఉంది. పైగా బరువు నేరుగా కూర్చునేది పై ఫ్లాంజ్ మీదే. అయినా 300 కిలోన్యూటన్ల షియర్‌లో సుమారు 286 కిలోన్యూటన్లను, అంటే 95 శాతాన్ని, ఆ సన్నటి వెబ్ ఒక్కటే మోస్తుంది. మూమెంట్ దగ్గరికొస్తే కథ పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ వెబ్ వాటా 12 శాతమే, మిగతా 88 శాతం ఫ్లాంజ్‌లది.

"వెబ్ షియర్‌కు, ఫ్లాంజ్‌లు మూమెంట్‌కు" అని తరగతిలో అందరూ రాసుకునే వాక్యం నిజమే. కానీ ఎందుకలా అని అడిగితే చాలామంది ఫార్ములా దగ్గర ఆగిపోతారు. అసలు కారణం ఫార్ములా కన్నా సులువైనది. అది ఫ్లాంజ్‌లో పుట్టే బలానికి సంబంధించింది.

ఫ్లాంజ్‌లో తేడా వచ్చిన బలం ఎక్కడికి పోవాలి?

నాలుగు చెక్క పలకలను ఒకదానిమీద ఒకటి పేర్చి, జిగురు లేకుండా, రెండు దిమ్మెల మీద ఆనించి నడుమ నొక్కండి. పలకలు ఒకదానిమీద ఒకటి జారతాయి. చివర్ల దగ్గర వాటి అంచులు మెట్లలా ముందువెనకలవుతాయి. అదే పలకలను జిగురుతో అతికిస్తే జారడం ఆగుతుంది, పేర్పు ఒక్క దూలంలా గట్టిపడుతుంది. ఆ జారుడును ఆపడానికి జిగురు పొరలో పనిచేసే అడ్డబలమే బీమ్ పొడవు వెంబడి వచ్చే షియర్. 1840లలో సెయింట్ పీటర్స్‌బర్గ్–మాస్కో రైలుమార్గపు కలప వంతెనల మీద పనిచేసిన రష్యన్ ఇంజినీర్ జురావ్‌స్కీ పట్టించుకున్నది దీన్నే. నారల వెంబడి జారిపోవడానికి కలపకు బలం చాలా తక్కువ. కాబట్టి బీమ్ పొడవునా వచ్చే షియర్‌ను ఆయన వదిలేయలేకపోయారు. ఈనాటికీ మనం వాడే సూత్రం ఆయన పేరు మీదే ఉంది.

ఇప్పుడు మన స్టీలు బీమ్‌కి వద్దాం. బిగించిన చివర నుంచి 100 మి.మీ. పొడవున్న ఒక ముక్కను ఊహించండి. ముక్కకు ఒక కొసన మూమెంట్ 200. షియర్ 300 కాబట్టి 100 మి.మీ. లోపలికి జరిగేసరికి మూమెంట్ సుమారు 30 తగ్గి 170 అవుతుంది. ఈ కొద్ది దూరంలో బరువు వల్ల షియర్‌లో వచ్చే చిన్న మార్పును వదిలేస్తున్నాను.

ఈ రెండు చోట్లా పై ఫ్లాంజ్‌లో పొడవు వెంబడి ఉన్న బలం ఎంత? బెండింగ్ స్ట్రెస్‌ను ఫ్లాంజ్ వైశాల్యమంతటా కూడితే మొదటి కొసన 463.5 కిలోన్యూటన్లు, రెండో కొసన 394 కిలోన్యూటన్లు వస్తాయి. తేడా 69.5 కిలోన్యూటన్లు. ఒక వైపు 463.5తోను, రెండో వైపు 394తోను లాగితే ఫ్లాంజ్ ముక్క కదలకుండా ఉండాలంటే, మిగిలిన 69.5ను ఇంకేదో పట్టి ఆపాలి. ఫ్లాంజ్ పై ముఖం మీద బరువు కిందికి నొక్కుతుందే తప్ప, పొడవు వెంబడి పట్టి ఆపేది ఏమీ లేదు. పక్క అంచుల దగ్గరా ఏమీ లేదు. కింది ముఖంలో ఎక్కువ భాగం కూడా ఖాళీయే. ఫ్లాంజ్‌ను తాకుతున్నది ఒక్కటే, 10 మి.మీ. మందపు వెబ్. కాబట్టి 69.5 కిలోన్యూటన్లూ ఆ ఇరుకు దారి గుండానే పోవాలి.

ఆ దారి వైశాల్యం 10 మి.మీ. మందం, 100 మి.మీ. పొడవు, అంటే 1000 చదరపు మి.మీ. బలాన్ని దానితో భాగిస్తే 69.5 మెగాపాస్కల్ వస్తుంది. వెబ్ పై అంచున ఉన్న షియర్ స్ట్రెస్ ఇదే. ఫార్ములా అక్కర్లేకుండా, ఫ్లాంజ్ ముక్క సమతుల్యం చూసి రాబట్టాం.

అయితే ఇది అడ్డంగా, బీమ్ పొడవు వెంబడి పనిచేసే షియర్. మనకు కావలసింది నిలువు షియర్ కదా? ఈ రెండూ ఒకే విలువ. అక్కడ ఒక చిన్న ఘనాన్ని ఊహించండి. దాని పై, కింది ముఖాల మీద వ్యతిరేక దిశల్లో అడ్డబలాలు ఉంటే అవి ఘనాన్ని తిప్పడానికి చూస్తాయి. అది తిరగకుండా నిలవాలంటే నిలువు ముఖాల మీద అంతే తీవ్రతతో ఎదురు జంట ఉండి తీరాలి. కాబట్టి అడ్డ షియర్ ఎక్కడ ఎక్కువుంటే నిలువు షియర్ కూడా అక్కడే ఎక్కువ. వెబ్‌లో నిలువు షియర్ ఎక్కువ ఉండటానికి కారణం ఇదొక్కటే. ఫ్లాంజ్ బలంలో వచ్చే తేడాను సన్నటి దారి గుండా దాటించాల్సి రావడం.

సెక్షన్ పై అంచు నుంచి కిందికి నడిస్తే

ఇదే ఆలోచనను సెక్షన్‌లో ఏ ఎత్తు దగ్గరైనా వాడవచ్చు. ఒక గీత దగ్గర కోసి, పైనున్న భాగాన్ని విడిగా తీసి, దాని రెండు కొసల మధ్య బలం తేడాను కోసిన వెడల్పుతో భాగిస్తే అక్కడి స్ట్రెస్ తెలుస్తుంది. పొడవును కొట్టేస్తే మిగిలేది అందరికీ తెలిసిన సూత్రమే.

```
τ = V·Q / (I·b)
```

V షియర్ ఫోర్స్. I మొత్తం సెక్షన్ జడత్వ భ్రామకం, మన బీమ్‌కు 327.9 × 10⁶ మి.మీ.⁴. b కోసిన చోటి వెడల్పు. Q అంటే కోతకు పైనున్న వైశాల్యాన్ని, సెక్షన్ నడుమ బెండింగ్ స్ట్రెస్ సున్నా అయ్యే తటస్థ అక్షం నుంచి ఆ వైశాల్యపు కేంద్రానికి ఉన్న దూరంతో గుణిస్తే వచ్చేది. దాని అర్థం గుర్తుపెట్టుకోవడం సులువు. కోతకు పైన ఎంత బెండింగ్ బలం పోగైందో Q చెబుతుంది. ఎంత ఇరుకు దారి గుండా అది దాటాలో b చెబుతుంది.

పై అంచు దగ్గర మొదలుపెడదాం. అక్కడ కోతకు పైన ఏమీ లేదు కాబట్టి Q సున్నా, స్ట్రెస్ కూడా సున్నా. ఫ్లాంజ్ లోపలికి దిగుతున్న కొద్దీ Q వేగంగా పెరుగుతుంది, కానీ b 200 మి.మీ. ఉంది. ఫ్లాంజ్ అడుగుకు వచ్చేసరికి Q విలువ 200 × 20 × 190, అంటే 760,000 మి.మీ.³. స్ట్రెస్ మాత్రం 3.5 మెగాపాస్కలే. దారి వెడల్పుగా ఉంది కాబట్టి తీవ్రత పలచబడింది.

ఇప్పుడు ఒక్క అడుగు కిందికి, వెబ్‌లోకి. Q అదే 760,000. వెడల్పు మాత్రం 200 నుంచి 10కి పడిపోయింది. స్ట్రెస్ ఒక్కసారిగా ఇరవై రెట్లై 69.5 మెగాపాస్కల్‌కి లేస్తుంది. పటంలో ఈ నిట్టనిలువు గంతు చూసి చాలామంది గీయడంలో తప్పు చేశామనుకుంటారు. తప్పేమీ లేదు. ఒక మిల్లీమీటరు పొడవుకు దాటే బలం రెండు వైపులా ఒకటే, 695 న్యూటన్లు. దాటే దారి వెడల్పు ఒక్కటే మారింది. ఒక మిల్లీమీటరు పొడవుకు దాటే ఈ బలాన్ని షియర్ ఫ్లో అంటారు. గంతు వేసేది స్ట్రెస్, ఫ్లో కాదు.

వెబ్‌లో ఇంకా కిందికి దిగితే, తటస్థ అక్షం దగ్గర Q కి వెబ్ పైసగం నుంచి 10 × 180 × 90, అంటే 162,000 కలుస్తుంది. మొత్తం 922,000. స్ట్రెస్ 84.3 మెగాపాస్కల్. ఇదే సెక్షన్ అంతటిలో గరిష్ఠం. అక్షం దాటి కిందికి పోతే అంతే క్రమంలో తగ్గుతూ, వెబ్ కింది అంచున మళ్ళీ 69.5, ఫ్లాంజ్‌లో 3.5, కింది ముఖాన సున్నా.

వెబ్‌లో స్ట్రెస్ 69.5 నుంచి 84.3 వరకే ఎందుకు మారింది? దీర్ఘచతురస్రపు బీమ్‌లో అయితే సున్నా నుంచి మొదలై సగటుకు ఒకటిన్నర రెట్లు దాకా పెరుగుతుంది. ఇక్కడ అంత వాలు లేదు. కారణం Q లోనే ఉంది. తటస్థ అక్షం దగ్గర పోగైన 922,000లో 760,000, అంటే 82 శాతం, వెబ్ మొదలవకముందే ఫ్లాంజ్ ఇచ్చేసింది. ఆ ఫ్లాంజ్ వాటాను వెబ్ పైనుంచి కిందిదాకా సమంగా మోయాలి. వెబ్ తనంతట తాను కలిపింది చిన్న ఉబ్బు మాత్రమే. వెబ్‌లో స్ట్రెస్ దాదాపు సమంగా ఉంటుందని డిజైన్‌లో అనుకోగలిగేది ఇందువల్లనే.

వెబ్‌లోని స్ట్రెస్‌ను ఎత్తు మీద కూడడం సులువు. పారాబోలా కాబట్టి సగటు స్ట్రెస్ అంటే 69.5కి తేడాలో మూడింట రెండొంతులు కలపడమే, 79.4 మెగాపాస్కల్. దాన్ని 3600 చదరపు మి.మీ.తో గుణిస్తే 285.8 కిలోన్యూటన్లు. రెండు ఫ్లాంజ్‌ల వాటా కూడితే 14.2. మొత్తం 300. ఈ కూడిక సరిపోయిందా అని చూడడం నిజంగా మంచి అలవాటు. Q తప్పు పడినా, b తప్పు వేసినా మొత్తం V కి రాదు, తప్పు అక్కడే బయటపడుతుంది. విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు వెబ్ పై అంచు దగ్గర b కి 200 వేసి, వెబ్‌లో షియర్ 3.5 నుంచి మొదలవుతుందని గీయడం. ఆ పటం వైశాల్యం కూడితే 300కి ఎక్కడో కింద ఆగిపోతుంది.

ఫ్లాంజ్‌లోని 3.5ను అంతగా నమ్మకండి

పైన ఫ్లాంజ్‌లో 3.5 మెగాపాస్కల్ అని చెప్పిన అంకె నిజానికి 200 మి.మీ. వెడల్పు మీద తీసిన సగటు. సూత్రం కోత వెడల్పంతటా స్ట్రెస్ సమంగా ఉందని అనుకుంటుంది. సన్నని వెబ్‌లో అది దాదాపు నిజం. వెడల్పైన ఫ్లాంజ్‌లో నిజం కాదు. ఫ్లాంజ్ అడుగు ముఖాన్ని చూడండి. వెబ్ తాకని 190 మి.మీ. మేర అది ఖాళీ ముఖం. ఖాళీ ముఖం మీద షియర్ ఉండలేదు కాబట్టి అక్కడ నిలువు షియర్ సున్నా అయితీరాలి, 3.5 కాదు.

ఫ్లాంజ్‌లో నిజంగా జరిగేది వేరు. బెండింగ్ బలం తేడా అంచు దగ్గరున్న స్టీలులోనూ పుడుతుంది. అది వెబ్‌ను చేరాలంటే ఫ్లాంజ్ వెడల్పు వెంబడి పక్కకు ప్రయాణించాలి. కాబట్టి ఫ్లాంజ్‌లో ముఖ్యమైన షియర్ నిలువుది కాదు, అడ్డది. అంచున సున్నాతో మొదలై వెబ్ వైపు సరళరేఖలా పెరుగుతూ, మన బీమ్‌లో మధ్య గీత దగ్గర 17.4 మెగాపాస్కల్‌కి చేరుతుంది. పుస్తకాల్లో నిలువు పటం ఒక్కటే గీస్తారు కాబట్టి, దానికన్నా అయిదు రెట్లు పెద్దదైన ఈ స్ట్రెస్ కంటికి కనపడకుండా పోతుంది.

ఇది తెలిస్తే షియర్ ఫ్లోను నీటి పారుదలలా ఊహించవచ్చు. ఫ్లాంజ్ రెండు అంచుల నుంచి రెండు పాయలు మధ్యకు పారతాయి. ఒక్కొక్కటీ మిల్లీమీటరుకు 348 న్యూటన్లు తెస్తుంది. రెండూ కలిసి 695తో వెబ్‌లోకి దిగుతాయి, అడుగున మళ్ళీ రెండుగా చీలి కింది ఫ్లాంజ్ అంచుల వైపు పలచబడతాయి. ఫ్లాంజ్ ఎడమ సగంలోని పాయ కుడికి, కుడి సగంలోది ఎడమకు పారుతుంది. రెండు బలాలూ 17.4 కిలోన్యూటన్లే, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే బరువు వెబ్ మీదుగా పడినంతకాలం ఐ-బీమ్ మెలితిరగదు.

సీ ఆకారపు చానల్‌లో ఫ్లాంజ్ ఒక వైపే ఉంటుంది. రద్దు చేసే రెండో పాయ లేదు. పై ఫ్లాంజ్ బలం ఒక దిశలో, కింది ఫ్లాంజ్ బలం దానికి ఎదురు దిశలో పనిచేసి సెక్షన్‌ను మెలితిప్పుతాయి. బరువును వెబ్ వెనక, సెక్షన్ బయట ఉండే షియర్ సెంటర్ మీదుగా వేస్తే తప్ప ఆ మెలి ఆగదు. చానల్‌ను కప్పు రేకులను మోసే పర్లిన్‌గా వాడినప్పుడు అది ఒరిగిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఏ ప్లేటును మందం చేయాలి?

షియర్ చాలడం లేదని తేలితే ఎక్కడ స్టీలు కలపాలో పై లెక్కే చెబుతుంది. మన బీమ్‌లో ఫ్లాంజ్‌ల మందాన్ని 20 నుంచి 40కి రెట్టింపు చేశాం అనుకోండి. సెక్షన్‌కు 8000 చదరపు మి.మీ. స్టీలు కలిసింది, I రెట్టింపు దాటింది. గరిష్ఠ షియర్ స్ట్రెస్ మాత్రం 84.3 నుంచి 77.6కే తగ్గింది. I పెరిగినట్టే Q కూడా పెరిగింది కాబట్టి ఒకదాన్ని మరొకటి మింగేసింది. అదే వెబ్ మందాన్ని 10 నుంచి 12కి పెంచితే కలిసిన స్టీలు 720 చదరపు మి.మీ.లే, స్ట్రెస్ 71.1కి దిగుతుంది. పదకొండో వంతు స్టీలుతో రెట్టింపు ఫలితం.

ఈ కారణంగానే డిజైన్ కోడ్‌లు VQ/Ib జోలికి పోకుండా, షియర్‌ను వెబ్ వైశాల్యంతో భాగిస్తాయి. రోల్డ్ సెక్షన్లకు మొత్తం లోతును, వెల్డింగ్ చేసిన వాటికి ఫ్లాంజ్‌ల నడుమ ఉన్న లోతును వెబ్ మందంతో గుణించడం వాడుక. మన బీమ్‌కు రెండో పద్ధతి 300,000 భాగింపు 3600, అంటే 83.3 మెగాపాస్కల్ ఇస్తుంది. అసలు గరిష్ఠం 84.3తో పోలిస్తే దాదాపు అదే. మొత్తం 400 మి.మీ. లోతు తీసుకుంటే 75 వస్తుంది. గరిష్ఠం కన్నా తక్కువే అయినా ప్రమాదం కాదు. స్టీలు సాగే లోహం. వెబ్ నడుమ ముందుగా ఈల్డ్ అయితే, అంటే శాశ్వతంగా సాగడం మొదలైతే, పైకిందుల ఉన్న భాగం మిగతాది పంచుకుంటుంది, పటం మరింత చదునవుతుంది. షియర్‌లో ఈల్డ్ అయ్యే స్ట్రెస్ లాగినప్పటి ఈల్డ్ స్ట్రెస్‌ను √3తో భాగించినంత. 250 మెగాపాస్కల్ స్టీలుకు 144. మన వెబ్ దానికి చాలా కిందే ఉంది.

అసలు ప్రమాదకరమైన సగటు వేరే ఉంది. షియర్‌ను మొత్తం సెక్షన్ వైశాల్యంతో భాగించడం. 300,000 భాగింపు 11,600 అంటే 25.9. నిజమైన గరిష్ఠంలో మూడో వంతు కూడా లేదు. దీన్ని నమ్మి వెబ్ పల్చన చేసినవాళ్ళు స్టీలు మిగిల్చినట్టు కాగితం మీద కనిపిస్తుంది, అంతే.

ఒక మాట మధ్యలో. ఇంతే స్టీలుతో 400 మి.మీ. లోతు, 29 మి.మీ. వెడల్పు గట్టి పట్టీ చేస్తే గరిష్ఠ షియర్ స్ట్రెస్ 38.8 మాత్రమే. అంటే షియర్ విషయంలో ఐ ఆకారం మెరుగైనది కాదు, అధ్వానం. కానీ ఆ పట్టీ I మన ఐ-బీమ్‌లో సగం కూడా ఉండదు. స్టీలుకు షియర్‌లో బలం మిగులుతుంది కాబట్టి, ఆ మిగులును ఖర్చుచేసి నడుమ స్టీలును తీసి మూమెంట్ కోసం అంచులకు పంపడమే ఐ ఆకారంలోని బేరం.

వెల్డ్ మీద పడే అదే 695 న్యూటన్లు

ఫ్లాంజ్‌ను వెబ్‌కు అతికించే వెల్డ్ చేసే పని మొదట చెప్పిన జిగురు పనే. చివర దగ్గర ప్రతి మిల్లీమీటరుకు 695 న్యూటన్లు దాటాలి. వెబ్‌కు రెండు వైపులా ఫిలెట్ వెల్డ్ వేస్తే ఒక్కొక్కదాని మీద 348. 5 మి.మీ. ఫిలెట్‌కు పనిచేసే గొంతు మందం 3.5 మి.మీ., కాబట్టి వెల్డ్‌లో స్ట్రెస్ 99 మెగాపాస్కల్. నిరంతరంగా వేస్తే చాలు.

ఖర్చు తగ్గించడానికి 50 మి.మీ. వెల్డ్, 100 మి.మీ. ఖాళీ చొప్పున విడివిడిగా వేస్తే 150 మి.మీ. బలమంతా 50 మి.మీ. వెల్డ్ మీద పడుతుంది. స్ట్రెస్ మూడింతలై 298 మెగాపాస్కల్‌కి చేరుతుంది. మామూలు స్టీలు వెల్డ్ అంత మోయలేదు. అదే పద్ధతి చివర నుంచి 1.5 మీటర్ల అవతల, షియర్ 75 కిలోన్యూటన్లకు దిగిన చోట, 75 మెగాపాస్కల్ దగ్గర హాయిగా సరిపోతుంది. కాబట్టి వెల్డ్‌ను షియర్ పటం చూసి మార్చాలి, మూమెంట్ పటం చూసి కాదు. రెండు చివర్లా ఊరికే ఆనించిన బీమ్‌లో మూమెంట్ ఎక్కువున్న నడుమ వెల్డ్ పెంచి, చివర్లలో తగ్గించడం సరిగ్గా తలకిందులు చేయడమే.

వెబ్ ఎలా పోతుంది

మొదటిది, ఈల్డ్ అవడం. షియర్ ఎక్కువున్న చివరి భాగంలో వెబ్ మీది రంగు లేదా రోలింగ్ పొర గీతలు గీతలుగా పగిలి రాలితే, ఆ చోట స్టీలు ఈల్డ్ దాటిందన్న సూచన. 

రెండోది, ఇంకా మోసకరమైనది, బక్లింగ్. నిలువు, అడ్డ షియర్ జంటలు కలిస్తే 45 డిగ్రీల ఏటవాలులో ఒక వైపు లాగుడు, దానికి లంబంగా నొక్కుడు పుడతాయి. పల్చని వెబ్ ఆ నొక్కుడుకు పక్కకు ఉబ్బి, ఐమూలగా అలలు తేలుతుంది. మన బీమ్‌లో వెబ్ ఎత్తు మందానికి 36 రెట్లే కాబట్టి ఆ భయం లేదు, ఉబ్బేలోపే ఈల్డ్ అవుతుంది. అదే 1200 మి.మీ. ఎత్తు, 8 మి.మీ. మందం ఉన్న ప్లేట్ గర్డర్‌లో నిష్పత్తి 150. వెబ్ ఉబ్బకుండా దానికి అతికించే స్టిఫ్‌నర్ ప్లేట్లు లేకపోతే బక్లింగ్ 43 మెగాపాస్కల్ దగ్గరే మొదలవుతుంది, ఈల్డ్ అయ్యే 144లో మూడో వంతు కూడా కాదు. ప్రతి 1200 మి.మీ.కు ఒక నిలువు స్టిఫ్‌నర్ పెడితే అది 75కి పెరుగుతుంది. స్టిఫ్‌నర్లున్న గర్డర్‌లో ఉబ్బిన తర్వాత కూడా ఐమూల లాగుడు ట్రస్‌లోని ఏటవాలు కడ్డీలా పనిచేసి కొంత అదనపు బలం ఇస్తుంది, కానీ అది స్టిఫ్‌నర్లు గట్టిగా ఉంటేనే.

మూడోది, కట్టిన తర్వాత ఎవరో కోసే రంధ్రం. పైపు పోవడానికి వెబ్ నడుమ 200 మి.మీ. గుండ్రని రంధ్రం కోశారనుకోండి. స్పాన్ మధ్యలో అయితే షియర్ దాదాపు సున్నా, I లో పోయేది రెండు శాతం. పెద్దగా ఏమీ కాదు. అదే రంధ్రం చివర దగ్గర పడితే మిగిలిన వెబ్ ఎత్తు 160 మి.మీ.లే. 300 కిలోన్యూటన్లను 1600తో భాగిస్తే 187.5 మెగాపాస్కల్. ఈల్డ్ అయ్యే 144 దాటిపోయింది. పైగా రంధ్రం పైనా కిందా మిగిలిన రెండు టీ ఆకారాలూ షియర్‌ను మోస్తూ తమంతట తామే వంగుతాయి, ఆ వంపు స్ట్రెస్ ఇందులో కలపనే లేదు. ఫ్లాంజ్‌లో రంధ్రాలకైతే ఈ నియమం తిరగబడుతుంది. అవి మూమెంట్ ఎక్కువున్న చోట ప్రమాదం.

గరిష్ఠ షియర్ ఉన్న చోటే గండమా?

బిగించిన చివర మన బీమ్‌లో షియర్, మూమెంట్ రెండూ ఒకేచోట పెద్దవి. అక్కడ ఏ బిందువు ముందుగా ఈల్డ్‌ను సమీపిస్తుంది? పై అంచున బెండింగ్ స్ట్రెస్ 122, షియర్ సున్నా. తటస్థ అక్షం దగ్గర షియర్ 84.3, దాన్ని √3తో గుణిస్తే, లాగుడు ఈల్డ్‌తో పోల్చదగిన సమాన స్ట్రెస్ 146. వెబ్ పై అంచున బెండింగ్ 110, షియర్ 69.5, రెండూ కలిసి ఉన్నాయి.

```
√(110² + 3 × 69.5²) ≈ 163 MPa
```

మూడింటిలో పెద్దది ఇదే. బెండింగ్ గరిష్ఠమైన చోటూ కాదు, షియర్ గరిష్ఠమైన చోటూ కాదు. ఫ్లాంజ్‌కు దగ్గరగా ఉన్నందువల్ల బెండింగ్ పెద్దగా తగ్గని, వెబ్‌లో ఉన్నందువల్ల షియర్ అప్పటికే చాలావరకు పేరుకున్న ఆ మలుపు దగ్గరే. రెండు అంచనాలను విడివిడిగా తనిఖీ చేసి సంతకం పెట్టేస్తే కంట పడని బిందువు ఇది. పైగా వెల్డ్ కూడా అక్కడే ఉంటుంది. బరువులు పదేపదే మారే క్రేన్ గర్డర్లలో, వంతెనల్లో పగులు కోసం వెతికే ముఖ్యమైన చోట్లలో ఈ కలయిక ఒకటి.

ఇక్కడ ఇచ్చిన లెక్కలన్నీ బరువు, ఆధారం నేరుగా పడే చోటికి కొంచెం దూరంగానే నిజం. సరిగ్గా ఆధారం మీద, లేదా పెద్ద బరువు ఒకేచోట కూర్చున్న చోట, సుమారు బీమ్ లోతంత మేర స్ట్రెస్ పారాబోలాను అనుసరించదు. అక్కడ వెబ్ నిలువుగా నలగడం, ఫ్లాంజ్ కింద ముడతపడడం విడిగా చూసి, అవసరమైతే బేరింగ్ స్టిఫ్‌నర్ వేయాలి. VQ/Ib దాని గురించి ఏమీ చెప్పదు.